హోటల్ ట్రావెల్ డెస్కు: శనివారం కోనసీమ ట్రిప్పు, పులస భోజనం, రాత్రి రైలు. ఎలా సర్దాలి?

గోదారిగట్టు_డెస్క్
అందరికీ నమస్కారం. రాజమండ్రిలో ఒక మధ్యరకం హోటల్లో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. మాకు కాన్సియర్జ్ అని విడిగా మనిషి లేరు. కార్లు, టూర్లు, బయట రెస్టారెంట్లలో టేబుళ్లు మాట్లాడే పని ఈ నెల నుంచి నాకు అప్పగించారు.

వచ్చే శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం దిగుతోంది. మొత్తం ఆరుగురు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, తమ్ముడు, పెద్దావిడ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. శనివారం ర్యాలి, వాడపల్లి, అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది చూసి, మధ్యలో దిండి దగ్గర పులస పులుసుతో భోజనం చేసి, రాత్రి 9:40 రైలు ఎక్కాలంటున్నారు. కారుకి ఎంతవుతుందో ఇవాళే చెప్పమన్నారు. మా చెకౌట్ మధ్యాహ్నం 12కి.

ఇవన్నీ ఒక రోజులో అవుతాయా? నేను ముందు ఏ ఫోన్ చెయ్యాలి?

కడియం_చందు
అవుతాయండి, టెన్షన్ పడకండి. పొద్దున్నే అయిదింటికి బయల్దేరదీయండి. మేం పోయిన సంక్రాంతికి ఇంతకంటే ఎక్కువే చూశాం. వచ్చేటప్పుడు సఖినేటిపల్లిలో పంటు ఎక్కించి నరసాపురం మీదుగా తిప్పితే దూరమూ కలిసొస్తుంది, పిల్లలకి సరదాగానూ ఉంటుంది. కారుకి 8 గంటలు 80 కిలోమీటర్ల ప్యాకేజీ మాట్లాడి, పైన అయినదానికి ఇస్తే చవక. 300 కిలోమీటర్లు మినిమం అనేవాళ్లు మోసం చేస్తున్నట్టే.

కోనసీమ_టాక్సీ
చందు గారూ, సంక్రాంతికీ ఆగస్టుకీ గోదారి ఒకటి కాదండి. పైనుంచి వరద నీరు వస్తుంటే పంటు ఆపేస్తారు. ఆపకపోయినా కార్ల వరుసలో ఎంతసేపు ఆగాలో ముందు చెప్పలేం. రాత్రి రైలున్న వాళ్లని పంటు నమ్మి పంపితే డ్రైవరు ప్రాణం మీదికొస్తుంది. నరసాపురం వైపు పోవాలంటే చించినాడ వంతెన ఉంది, అది నమ్మకం. అసలు వీళ్లకి ఆ వైపు పనేం లేదు. వచ్చిన దారిన రాజోలు, అమలాపురం, రావులపాలెం మీదుగా తిరిగి రావడమే మేలు.

ఇంకోటి, శనివారం వాడపల్లి. ఏడు శనివారాలు మొక్కుకుని, ఏడు ప్రదక్షిణలు చేసేవాళ్లతో ఆ రోడ్డు తెల్లారకముందే నిండిపోతుంది. ఆ జనంలో కారు ఇరుక్కుందంటే ఆ రోజు లెక్కంతా పోయినట్టే.

పాత_డెస్కు
చాలా ఏళ్లు విశాఖలోను, రాజమండ్రిలోను హోటల్ డెస్కుల మీద కూర్చున్నాను. అమ్మాయీ (పేరు చూస్తే తెలియడం లేదు, అబ్బాయివైతే ఏమనుకోకు), మొదటి ఫోను కారు ఓనరుకి కాదు, అతిథికే. వాళ్లు పంపిన జాబితాలో ఏది తప్పనిసరి, ఎవరికి తప్పనిసరి అని అడుగు. అయిదు గుళ్ల పేర్లు రాసిన మనిషి సాధారణంగా ఇంటర్నెట్‌లో చూసి రాసి ఉంటాడు. మొక్కు ఉన్నది పెద్దావిడకి. ఆవిడ నోట ఒక్క పేరే వస్తుంది. ఆ గుడి చుట్టూ రోజంతా కట్టుకోవాలి, మిగతావి వీలైతేనే.

వాళ్లది వాడపల్లి మొక్కయితే శనివారం అక్కడే ఉండి, దిండి మాట మరిచిపోవాలి. అంతర్వేది అయితే వాడపల్లి తీసెయ్యాలి. రెండూ కావాలంటే ఇంకో రాత్రి ఉండమనాలి. ఆ మాట గది అమ్ముకోవడానికి అన్నట్టు కాకుండా, లెక్క చూపించి చెప్పు.

గోదారిగట్టు_డెస్క్
అమ్మాయినే అండి. ఇప్పుడే ఫోన్ చేశాను. మీరన్నట్టే, పెద్దావిడకి అంతర్వేది నరసింహస్వామి ఇలవేల్పట. మిగతావి కొడుకు గారు చూసి రాసుకున్నవే. పులస మాత్రం ఆయన పట్టుదల. పెద్దావిడ శనివారం నీచు ముట్టరు.

పాత_డెస్కు
ఇంక సులువు. అంతర్వేది, పులస ఈ రెండూ మేకులు. వాటి మధ్య సమయం చూడు.

చాలా గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. ఒక్కో గుడికి ఒక్కో వేళ, పర్వదినాల్లో మారుతుంది. అందుకే నెట్‌లో చూసిన సమయం అతిథికి చెప్పొద్దు. ముందు రోజు గుడి ఆఫీసుకే ఫోన్ చేసి, ఎవరితో మాట్లాడావో, ఎన్నింటికి చెప్పారో డెస్కు రిజిస్టర్లో రాయి. సాయంత్రం షిఫ్టు వాళ్లకి అదే ఆధారం.

నేనైతే ఇలా వేస్తాను. పొద్దున 6కి బయల్దేరడం. దవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురం వైపు వెళితే ర్యాలి. శనివారం కాబట్టి వాడపల్లి జనం కొంత ఆ రోడ్ల మీదే ఉంటారు, డ్రైవరు నడిగి అవసరమైతే జొన్నాడ, రావులపాలెం మీదుగా తిప్పుకోవచ్చు. ర్యాలిలో విగ్రహం ఒకే రాయి, ముందు నుంచి కేశవస్వామి, వెనక మోహిని. అర్చకులు దీపంతో చూపిస్తారు, పిల్లలకి నచ్చుతుంది. అక్కడ ముప్పావు గంట. తరవాత నేరుగా అమలాపురం, రాజోలు, అంతర్వేది. గుడి మూసేలోపు దర్శనం అయిపోతుంది. మధ్యాహ్నం ఒకటిన్నర, రెండింటికి వెనక్కి దిండి వచ్చి భోజనం. మూడున్నరకి కదిలితే ఏడింటికి హోటల్లో ఉంటారు. స్నానం, సామాను, స్టేషన్.

దిండిలో ముందు భోజనం చేసి సాయంత్రం అంతర్వేది పెడితే సముద్రం దగ్గర చల్లగా ఉంటుంది, ఫోటోలు బాగుంటాయి. కానీ అక్కణ్ణించి రాజమండ్రికి నూరు కిలోమీటర్ల పైమాటే, అదీ ఊళ్ల మధ్య రోడ్డు. అయిదింటికి బయల్దేరితే రైలు గడియారం చూసుకుంటూ రావాలి. రైలున్న రోజున దూరంలో ఉన్న చోటు మధ్యాహ్నంలోపే అయిపోవాలి.

లంక_మాస్టారు
అప్పనపల్లి, అయినవిల్లి తీసేసినట్టేనా? అప్పనపల్లి దారిలోనే కదా, పాశర్లపూడి దాటగానే తిరగడమే. పెద్దావిడ వైనతేయ ఒడ్డున బాలబాలాజీని చూడకుండా వెళ్లడమేమిటి?

కోనసీమ_టాక్సీ
మాస్టారూ, మామూలు రోజైతే మీ మాటే. వరద పెరిగితే అప్పనపల్లి కాజ్‌వే మీదికి నీళ్లొచ్చేస్తాయి. అయినవిల్లి మండలంలో ఎదురుబిడియం కాజ్‌వేకీ అదే గతి. దవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు. మేమైతే అంతకంటే ముందే, భద్రాచలం చూస్తాం. అక్కడ 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక పడిందంటే ఆ నీరు మరుసటి రోజుకో, ఆపైనో మన దగ్గరికి దిగుతుంది. గురువారం భద్రాచలంలో హెచ్చరిక ఉంటే శనివారం లంకల వైపు పేరు కూడా ఎత్తకండి. అమలాపురం, రాజోలు, దిండి రోడ్డు మాత్రం వంతెనల మీదుగా ఉంటుంది కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు.

లంక_మాస్టారు
ఒప్పుకున్నాను. అయితే డెస్కు అమ్మాయి రోజూ పొద్దున నీటిమట్టం కూడా రాసుకోవాలన్నమాట.

పాత_డెస్కు
జులై నుంచి సెప్టెంబరు దాకా రాసుకోవాల్సిందే. పాపికొండల బోటు టిక్కెట్లు అమ్మే డెస్కుకి ఇంకా ముఖ్యం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద మీదున్న గోదారిలోనే. అధికారులు బోట్లు ఆపారంటే అతిథి ఎంత బతిమాలినా ఇంకో దారి వెతకొద్దు. "ఎవరో తెలిసినవాళ్లు వేస్తారు" అన్న మాట డెస్కు మీద వినపడకూడదు.

కడియం_చందు
సరే పంటు సంగతి ఒప్పుకుంటా. కారు రేటు మాత్రం నేను చెప్పిందే కరెక్టు. తిరిగేది 240 కిలోమీటర్లయితే 300కి ఎందుకివ్వాలి?

కోనసీమ_టాక్సీ
లెక్క వేద్దాం చందు గారూ. ఆరుగురికి ఇన్నోవా. రేట్లు ఊరిని బట్టి మారతాయి, ఉదాహరణకి కిలోమీటరుకి 18 రూపాయలు అనుకుందాం. ఔట్‌స్టేషన్ అంటే రోజుకి 300 మినిమం, 5,400. డ్రైవరు బత్తా 500. మొత్తం 5,900, టోలు, పార్కింగు అదనం.

ఇప్పుడు మీ లోకల్ ప్యాకేజీ. 8 గంటలు 80 కిలోమీటర్లకి 2,800 అనుకోండి. పైన 160 కిలోమీటర్లు, 18 చొప్పున 2,880. పొద్దున 6 నుంచి రాత్రి 7:30 దాకా అంటే అయిదున్నర గంటలు ఎక్కువ. గంటకి 200 అనుకున్నా 1,100. మొత్తం 6,780. ఏది చవక?

లోకల్ ప్యాకేజీ ఊళ్లో తిరగడానికి బాగుంటుంది. కడియం నర్సరీలు, దవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, సాయంత్రం పుష్కరఘాట్, ఇలాంటి వాటికి. కోనసీమకి కాదు.

గోదారిగట్టు_డెస్క్
ఇక్కడే నాకు భయం. "కిలోమీటరుకి 18" అని చెబితే అతిథి 240ని 18తో గుణించి 4,320 అనుకుంటారు. రాత్రి 5,900 బిల్లు చూసి నా మీదికొస్తారు.

పాత_డెస్కు
వస్తారు. రైలు టైము దగ్గర పడుతుంటే లాబీలో గొడవ మొదలయ్యేది ఆ 1,580 రూపాయల దగ్గరే. అందుకే కిలోమీటరు రేటుతో మాట మొదలుపెట్టకు. "రోజు మొత్తానికి 5,900, టోలు పార్కింగు మీవి, 300 దాటితే కిలోమీటరుకి 18" అని చెప్పు. మీటరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా అడుగు. కారు షెడ్డు ద్వారపూడిలో ఉంటే షెడ్డు నుంచి షెడ్డుకి లెక్క కడతారు, రానూ పోనూ ఓ 40 కిలోమీటర్లు కలుస్తాయి. ఈ ట్రిప్పులో 240కి 40 కలిపినా 280, మినిమం లోపే కాబట్టి నష్టం లేదు. అప్పనపల్లి కలిపి, దారిలో ఇంకేదో చూసి 270 తిరిగారనుకో, అప్పుడు 310. ఆ పదికి 180 రూపాయలే అయినా, ముందు చెప్పని 180 చేదుగా ఉంటుంది.

బయల్దేరేటప్పుడు మీటరు రీడింగు అతిథి ఫోన్లోనే ఫోటో తీయించు.

మధురపూడి_రమణ
నాకు ఇక్కడ ఒక సందేహం. మా బావగారి పెళ్లికి ఎయిర్‌పోర్టు నుంచి ఒక హోటల్ వాళ్లు కారు పంపారు. వైట్ బోర్డు బండి. దారిలో చెకింగ్‌లో ఆపి గంట సేపు ఉంచారు. ఆ నష్టానికి డబ్బు హోటల్ ఇవ్వాలా, డ్రైవరు ఇవ్వాలా?

కోనసీమ_టాక్సీ
ఆ విషయం హోటల్‌తోనే తేల్చుకోవాలి రమణ గారూ. డెస్కు అమ్మాయికి మాత్రం ఇది అసలు సంగతి. పసుపు నంబరు ప్లేటు ఉన్న బండే పంపండి. సొంత వాడకం కారు కిరాయికి తిప్పుతూ యాక్సిడెంటయితే ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు. పెళ్లిళ్ల సీజన్లో బళ్లు దొరక్క ఓనర్లు వైట్ బోర్డు తోస్తారు. రాత్రే బండి నంబరు, డ్రైవరు ఫోను తెప్పించుకోండి. పొద్దున వచ్చిన బండి అదేనో కాదో వాకిట్లోకి వెళ్లి చూడండి.

పాత_డెస్కు
బండి వచ్చాక టైర్లు, ఏసీ, వెనక సీటు బెల్టులు, స్టెప్నీ చూడు. రెండు నిమిషాల పని. డ్రైవరు రాత్రి ఎక్కణ్ణించి వచ్చాడో అడుగు. తెల్లవారుజామున మూడింటికి విశాఖ నుంచి తిరిగొచ్చినవాణ్ణి ఆరింటికి ఎక్కించకూడదు. మోకాళ్ల నొప్పులావిడని మధ్య వరసలో తలుపు పక్కన కూర్చోబెట్టమను. వెనక వరసలోకి ఎక్కలేరు.

రాజోలు_వంటిల్లు
పులస గురించి ఎవరూ చెప్పలేదేంటి! మాది రాజోలు దగ్గర చిన్న భోజనశాల. గోదారికి ఎర్రనీరు వచ్చాక సముద్రం నుంచి గోదారిలోకి ఎదురీది వచ్చే చేపే పులస, జులై నుంచి సెప్టెంబరు దాకే. సముద్రంలో దొరికితే దాన్నే ఇలస, విలస అంటారు. బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన ఇలసని ఇక్కడ పులసని చెప్పి అమ్మేవాళ్లు చాలామంది. కాబట్టి అతిథికి "గ్యారంటీ పులస" అని మీరు మాట ఇవ్వకండి. వండేవాళ్లు ఏం చెప్పారో అదే చెప్పండి.

ఇది మామూలు టేబుల్ బుకింగ్ కాదు. పులుసు ముందు రోజు రాత్రి మట్టికుండలో పెట్టి, మర్నాటికి ఊరితేనే రుచి. అంటే శుక్రవారం మధ్యాహ్నానికి చేప కొనాలి. కొయ్యకముందు తూకం మీద పెట్టి ఫోటో పంపమని అడగండి, ధర అప్పుడే ఖాయం చేసుకోండి, అడ్వాన్సు అతిథి చేతే నేరుగా వేయించండి. చేప కోశాక వాళ్లు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఇది మాత్రం ముందు రోజే చెప్పాలి, ఎందుకంటే రోడ్డు మునిగి రాలేకపోయినా చేప డబ్బు మునిగినట్టే.

ముళ్లు చాలా ఉంటాయి, పిల్లలకి రొయ్యల వేపుడో కోడికూరో విడిగా చెప్పండి. పెద్దావిడకి కందిపప్పు, పనసపొట్టు కూర, పెరుగు. శనివారం అన్నారు కాబట్టి ఆవిడ వంటకి విడి గిన్నెలు, విడి గరిటె ఉంటాయా అని అడగండి. చాలా డెస్కుల వాళ్లు ఇది అడగరు, ఆవిడ వచ్చి అన్నం ముట్టకుండా కూర్చుంటే మాకు బాధ. డ్రైవరు భోజనం ఎవరిదో కూడా తేల్చండి.

గోదారిగట్టు_డెస్క్
ఇవన్నీ కలిపి అతిథికి ఈ మెసేజ్ రాశాను. ఎక్కడైనా తప్పుంటే చెప్పండి:

"నమస్కారం సార్. శనివారం ఉదయం 6:00కి ఇన్నోవా, పసుపు ప్లేటు. బండి నంబరు, డ్రైవరు ఫోను శుక్రవారం రాత్రి పంపుతాను. వరస: ర్యాలి, అంతర్వేది, దిండి దగ్గర భోజనం, తిరుగు ప్రయాణం 3:30కి. రోజు మొత్తానికి 5,900 (300 కి.మీ., డ్రైవరు బత్తా కలిపి). టోలు, పార్కింగు అదనం. 300 దాటితే కి.మీ.కి 18. వాడపల్లిలో శనివారం రద్దీ వల్ల, అయినవిల్లికి సమయం చాలక ఆ రెండూ వెయ్యలేదు. అప్పనపల్లి వరదని బట్టి శుక్రవారం సాయంత్రం చెబుతాను. పులస శుక్రవారం మధ్యాహ్నం 12 లోపు ఖాయం చెయ్యాలి, చేప కోశాక అడ్వాన్సు తిరిగి రాదు. అమ్మగారికి విడిగా శాకాహారం చెప్పాం. గది బిల్లు శనివారం బయల్దేరే ముందే కట్టేస్తే, సామాను ట్యాగు వేసి మా దగ్గర ఉంచుతాం."

పాత_డెస్కు
బాగుంది. ఒక్కటి కలుపు: సాయంత్రం వచ్చాక స్నానానికి గది దొరుకుతుందా లేదా. ఖాళీ ఉంటేనే అని రాయి, లేకపోతే ఉందనే అనుకుంటారు. శనివారం మధ్యాహ్నం 3:15కి నువ్వే డ్రైవరుకి ఫోన్ చెయ్యి. కదిలారా అని అతిథిని అడిగితే "ఇదిగో" అంటారు. డ్రైవరైతే ఉన్నది చెబుతాడు.

కడియం_చందు
ఒక మాట అడగాలని ఉంది. ఈ కారు ఓనర్లు, భోజనశాలల వాళ్లు డెస్కుకి కమిషన్ ఇస్తారు కదా. అది తీసుకోవచ్చా?

కోనసీమ_టాక్సీ
ఇస్తామండి. ఇవ్వకపోతే ఫోన్ రాదు. ఆ పది శాతం ఎక్కణ్ణించి వస్తుందో మీకూ తెలుసు.

పాత_డెస్కు
హోటల్ ఖాతాలోకి వెళ్లే కమిషన్ రిజిస్టర్లో ఉంటుంది, యాజమాన్యానికి తెలుసు. డెస్కు మీద మనిషి జేబులోకి వెళ్లేది వేరు. నేను రెండోది తీసుకోవద్దనే చెబుతాను. ఎక్కువ ఇచ్చేవాడి బండి మంచిదని మనకే అనిపించడం మొదలవుతుంది.

రాజోలు_వంటిల్లు
జీతాలు చూస్తే ఆ మాట చెప్పడం తేలికే సార్. నెలకి పన్నెండు వేలకి రాత్రి షిఫ్టు చేసే పిల్లని వద్దనమంటే ఎలా? హోటలే ఆ కమిషన్‌లో వాటా ఇవ్వొచ్చు కదా.

పాత_డెస్కు
ఇవ్వాలి. ఇచ్చే చోట్లూ ఉన్నాయి. ఇవ్వని చోట ఏం చెయ్యాలన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

గోదారిగట్టు_డెస్క్
శనివారం అయిపోయింది, రాద్దామని వచ్చాను. గురువారమే భద్రాచలంలో మొదటి హెచ్చరిక పడింది, అప్పనపల్లి లేదని శుక్రవారం పొద్దున్నే చెప్పేశాను. కొడుకు గారు కొంచెం నిరాశపడ్డారు గానీ వార్తల్లో కాజ్‌వే ఫోటో చూసి ఊరుకున్నారు. పులస ఖాయం చేశారు, తూకం ఫోటో వచ్చింది. 3:15కి డ్రైవరుకి ఫోన్ చేస్తే ఇంకా భోజనం దగ్గరే ఉన్నారు, 4:10కి కదిలారు. ఆత్రేయపురం పూతరేకులు దారిలో ఆగి కొంటామంటే డ్రైవరు అటు తిప్పలేదు. రావులపాలెంలోనే కొన్నారు. 7:45కి హోటల్‌కి వచ్చారు.

మీటరు 287. బిల్లు దగ్గర మాట రాలేదు. పార్కింగు 100 మాత్రం "రసీదు ఏదీ" అన్నారు, డ్రైవరు దగ్గర లేదు. మేనేజరు కట్టేశారు.

ఇంకో సందేహం. అంతర్వేదిలో కారు ఆగిన చోటు నుంచి గుడి లోపలికి నడవడానికి పెద్దావిడ ఇబ్బంది పడ్డారట. మా హోటల్ చక్రాల కుర్చీ ఒకటుంది, కారులో పెట్టి పంపవచ్చా? ఆరుగురు ఎక్కాక ఇన్నోవాలో పడుతుందా?

కోనసీమ_టాక్సీ
మడిచే రకమైతే మూడో వరస వెనక నిలబెట్టి పెట్టొచ్చు, సామాను హోటల్లోనే ఉంటుంది కాబట్టి చోటుంటుంది. ముందు రోజు సాయంత్రం బండి తెప్పించి పెట్టి చూసుకోండి. గుడి ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్లున్నారు, బండి ఎంత దగ్గరికి రానిస్తారని కూడా అడగండి. రద్దీ లేని రోజైతే కొంత దగ్గరికి వదులుతారు.

మధురపూడి_రమణ
నా వైట్ బోర్డు సంగతికి ఎవరైనా జవాబు చెబుతారా?